ఇరవైకి నాలుగు తక్కువ

రెండో సంవత్సరం ఇ.సి.ఇ.లో నలభై ఎనిమిది మంది ఉండేవారు. వాళ్ళలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అసైన్‌మెంటు సొంతంగా చేసేది హేమశ్రీ ఒక్కతే అని క్లాసంతా అనుకునేది. హేమశ్రీ కూడా అలాగే అనుకునేది. పుస్తకం ఇమ్మని ఎవరు అడిగినా ఇచ్చేది. ఇవ్వడంలో మంచితనం ఎంతో, తన రాత అందరి పుస్తకాల్లోనూ కనిపిస్తుందన్న సంతోషమూ అంతే.

ఆమె నాన్న వెంకటేశ్వరరావు తూర్పు గోదావరిలోని ఒక పల్లె నుంచి వచ్చి యానాంలో రొయ్యల మేత కొట్టు పెట్టుకున్నాడు. ఇల్లు ఆ ఊళ్ళోనే, ఫరంపేటలో. పదో తరగతి నుంచీ ఫస్టు తప్ప వేరే మాట వినని ఇల్లది. లెక్క చేసేటప్పుడు హేమశ్రీ పెన్ను ఎక్కడా ఆగేది కాదు. ఆగకపోవడమే తన బలం అని ఆమె నమ్మకం.

ఆ వర్షాకాలం, రెండువేల ఆరులో, ఉమామహేశ్వరం గారు రెండో అసైన్‌మెంటు ఇచ్చారు. ఆయన చాలా ఏళ్ళు పాలిటెక్నిక్‌లో చెప్పి ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చిన మనిషి. కన్వల్యూషన్ మొదలుపెట్టిన రోజున ల్యాబు మూల పడున్న ఖాళీ రేకు డబ్బా తెప్పించి, టేబుల్ మీద పెట్టి, పెన్నుతో ఒక్కసారి కొట్టారు.

"విన్నారా? ఒక్క దెబ్బకి ఈ డబ్బా ఎలా మోగి ఎలా తగ్గిందో, అదే h. ఇప్పుడు వరసగా నాలుగు దెబ్బలు కొడతాను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఆ దెబ్బల వరస x. మొదటి మోత అయిపోకుండానే రెండోది వచ్చి దాని మీద పడుతుంది. అన్నీ కలిసి మీ చెవికి చేరేదేదో అది y. అంతే కన్వల్యూషన్. మిగతాదంతా కూడిక, గుణకారం."

తర్వాత పట్టిక పద్ధతి చూపించారు. x లోని అంకెలు పైన అడ్డంగా, h లోని అంకెలు ఎడమ పక్కన నిలువుగా రాయాలి. ప్రతి గడిలో ఆ రెండింటి గుణకారం వేయాలి. ఆపైన గడులను ఏటవాలుగా, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకి దిగే వరసల్లో కూడితే, ఒక్కో వరసా y లో ఒక్కో అంకె అవుతుంది. చివర్లో ఆయన బోర్డు మీద ఒక మాట రాసి కింద రెండు గీతలు గీశారు: x మొత్తాన్ని h మొత్తంతో గుణిస్తే y మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో తప్పుంది. అసైన్‌మెంటు కాగితంలో కూడా అదే ఉంది. పట్టికలో చేయండి, సరిచూడండి.

మూడో లెక్కలో x: 1, 2, −1, 3. h: 3, 1, −2, 2. రెండింటిలోనూ రెండో అంకె కింద చిన్న బాణం. ఆ బాణం ఉన్నచోట కాలం సున్నా అన్నమాట. దానికి ఎడమనున్నది మైనస్ ఒకటి.

హేమశ్రీ పావుగంటలో ముగించింది. పట్టిక నీటుగా గీసింది. ఏటవాలు గీతలు ఎర్ర పెన్సిలుతో పెట్టింది. జవాబు 3, 7, −3, 6, 5, −8, 6 అని రాసి, మూడో అంకె కింద బాణం వేసి, ఆ కింద ఇంగ్లీషులో 'వెరిఫైడ్' అని రాసింది. సరిచూడలేదు. పదహారు గుణకారాలు, ఏడు కూడికలు. ఇందులో తప్పేం వస్తుందిలే అనుకుంది.

ఆ సాయంత్రమే పుస్తకం ఆమె స్నేహితురాలు జోసెఫిన్ చేతికి వెళ్ళింది. జోసెఫిన్ నుంచి క్లాస్ రిప్రజెంటేటివ్ సతీష్ చేతికి, అక్కణ్ణుంచి జిరాక్స్ షాపుకి. మర్నాడు మధ్యాహ్నానికి నలభై ఆరు పుస్తకాలు ఉమామహేశ్వరం గారి టేబుల్ మీద కట్టగా చేరాయి. ఇంకా చేరనివి రెండే. ఒకటి హేమశ్రీది. వెనక బెంచీల్లో తిరిగి తిరిగి అప్పుడే చేతికి వచ్చింది. తానే తీసుకెళ్ళి ఇస్తానని సతీష్‌కి చెప్పింది. రెండోది క్రిస్టోఫర్‌ది.

క్రిస్టోఫర్ యానాం పక్కనున్న దరియాలతిప్పవాడు. నాన్న అమ్మన్న చేపల వేటకి వెళతాడు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఆ ఏడే నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చాడు. అలా వచ్చిన వాళ్ళని మిగతావాళ్ళు 'లేటరలోళ్ళు' అనేవారు. మొదటి సంవత్సరం గణితం లేకపోవడంతో క్లాసులో ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉండేవాడు. ఏదడిగినా "తెలీదండి, చూస్తానండి" అనేవాడు.

లంచ్ అవర్లో హేమశ్రీ, జోసెఫిన్ లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని ఉండగా అతను పుస్తకం పట్టుకుని వచ్చాడు. వయసులో ఏడాది పెద్దే అయినా, ఆడపిల్లలతో 'అండి' లేకుండా మాట్లాడేవాడు కాదు.

"హేమశ్రీ గారూ, ఒక్క నిమిషమండి. మూడో లెక్కలో మీ జవాబూ నా జవాబూ తేడా వచ్చిందండి. సతీష్ జిరాక్స్ చూపించాడు."

"మీరు సొంతంగా చేశారా?" అంది హేమశ్రీ. ఆ మాటలో ఆశ్చర్యం దాచుకోలేకపోయింది.

"ఆయ్. రాత్రి రెండు సార్లు చేశానండి. నాదే తప్పయ్యుంటాది. ఎక్కడో చెబితే దిద్దుకుని ఇచ్చేస్తాను."

హేమశ్రీ పుస్తకం తీసుకుని జవాబు వంక చూసింది. 3, 7, −3, 6, 9, −8, 6. బాణం రెండో అంకె అయిన ఏడు కింద ఉంది. ఆమె కళ్ళు ముందు బాణం మీదే ఆగాయి.

"ఇదిగో, బాణమే తప్పు. ఇక్కడెందుకు పెట్టారు?"

"రెండింటిలోనూ రెండో అంకె కిందే కదండీ ఉంది. అందుకని దీన్లో కూడా రెండోదాని కిందే..."

"అలా కాదండి. x మైనస్ ఒకటి దగ్గర మొదలవుతోంది. h కూడా మైనస్ ఒకటి దగ్గరే. y మొదలు ఆ రెంటినీ కలిపిన చోట, మైనస్ రెండు దగ్గర. మైనస్ రెండు, మైనస్ ఒకటి, సున్నా. అంటే మూడో అంకె కింద. మొదలే తప్పయితే ఇంక మిగతాది చూడక్కర్లేదు. నాది చూసి రాసేసుకోండి."

క్రిస్టోఫర్ పెన్సిలుతో ఆ మైనస్ ఒకట్లు రెండూ రాసుకుని, కలిపి, తలూపాడు. "ఇది నాకు తెలీలేదండి. మరి తొమ్మిది? మీకు అయిదొచ్చింది."

"అదీ తప్పే అయ్యుంటుంది."

"కానీ మొత్తం సరిపోయిందండి," అన్నాడు మెల్లగా. "x మొత్తం అయిదు. h మొత్తం నాలుగు. ఇరవై రావాలి. నాకు ఇరవై వచ్చింది."

"మొత్తం సరిపోతే చాలదు కదండీ. మీ బాణం తప్పయినా మొత్తం ఇరవయ్యే వచ్చింది. అంకెలు ఎక్కడ మొదలవుతాయో కూడికకి తెలీదు."

"నిజమేనండి, చాలదు," అని ఒప్పుకున్నాడు. వెళ్ళబోయి ఆగాడు. "చాలదు గానీ, సరిపోవాలి కదండీ?"

అతను వెళ్ళి అవతలి బల్ల దగ్గర కూర్చున్నాక కూడా ఆ మాట హేమశ్రీని వదల్లేదు. జోసెఫిన్ ఏదో సినిమా సంగతి చెబుతోంది. హేమశ్రీ వింటున్నట్టే ఉండి, తన జవాబు కింద వేలు పెట్టి కూడుకుంటూ పోయింది. మూడూ ఏడూ పది. మూడు తీస్తే ఏడు. ఆరు కలిపితే పదమూడు. అయిదు కలిపితే పద్దెనిమిది. ఎనిమిది తీస్తే పది. ఆరు కలిపితే పదహారు.

మళ్ళీ కూడింది. పదహారే.

చెవులు వేడెక్కాయి. ఆ జవాబుకి అంగుళం కింద, చక్కని కలిపిరాతలో, 'వెరిఫైడ్' అన్న మాట.

"ఏమైందే?" అంది జోసెఫిన్.

హేమశ్రీ లేచి అవతలి బల్ల దగ్గరకి వెళ్ళింది. "క్రిస్టోఫర్ గారూ, నాకు పదహారు వచ్చింది," అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకి చాలా కష్టమైంది. అతను నవ్వుతాడేమో అనుకుంది. అతను నవ్వలేదు. పక్క కుర్చీ లాగాడు.

"నాలుగు తక్కువండి. అయితే వరసలు చూద్దాం."

"ఏ వరసలు?"

"అడ్డ వరసలండి. నా లెక్క మీద నాకే నమ్మకం ఉండదు. అందుకని ఏటవాలుగా కూడకముందే ప్రతి అడ్డ వరసా చూసుకుంటాను. x మొత్తం అయిదు కదా. h లో మూడు ఉన్న వరస మొత్తం పదిహేను రావాలి. ఒకటి వరస అయిదు. మైనస్ రెండు వరస మైనస్ పది. రెండు వరస పది."

ఇద్దరూ ఆమె పట్టిక మీదకి వంగారు. మూడు, ఆరు, మైనస్ మూడు, తొమ్మిది: పదిహేను. ఒకటి, రెండు, మైనస్ ఒకటి, మూడు: అయిదు. మూడో వరసలో మైనస్ రెండు, మైనస్ నాలుగు, మైనస్ రెండు, మైనస్ ఆరు.

"మైనస్ పద్నాలుగు," అంది హేమశ్రీ. ఆ వెంటనే చూసింది. మైనస్ రెండుని మైనస్ ఒకటితో గుణించిన గడిలో మైనస్ రెండు రాసింది. వరసంతా మైనస్‌లే పడుతున్నాయి కదా, చెయ్యి అదే ఊపులో పోయింది. రెండు ఉండాల్సిన చోట మైనస్ రెండు. తేడా సరిగ్గా నాలుగు. ఆ గడి వెళ్ళి పడేది అయిదో ఏటవాలు వరసలో. అక్కడ తొమ్మిది అయిదయింది.

"ఎనిమిదో తరగతి తప్పు," అంది తనలో తాను అనుకున్నట్టుగా.

"మీకు ఇలాంటివి అలవాటు లేదండి, అందుకే దొరకలేదు. నాకు రోజూ దొరుకుతాయి," అన్నాడు క్రిస్టోఫర్. అతనిలో వెటకారం లేదు. అది ఇంకా గుచ్చుకుంది.

అప్పటికి జోసెఫిన్ కూడా వచ్చి పట్టికలోకి తొంగిచూసింది. విషయం అర్థమవగానే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "అమ్మో, మా అందరివీ సార్ టేబుల్ మీద ఉన్నాయి! ఒసేయ్, నీదింకా ఇవ్వలేదుగా. నువ్వు దిద్దేసుకో. ఏటో, నీదన్నా బాగుంటాది."

"మరి మీవి?"

"మావా? మేం మామూలుగానే తప్పులు రాస్తాం గదా. సార్‌కి అలవాటే."

జోసెఫిన్ తేలిగ్గానే అంది. హేమశ్రీ వైట్‌నర్ సీసా చేతిలోకి తీసుకుంది కూడా. గడి మీద ఒక చుక్క, జవాబు మీద ఒక చుక్క. రెండు నిమిషాల పని. క్లాసులో సరైన జవాబులు రెండే ఉంటాయి, ఒకటి తనది. అందరూ కలిసి ఒకే తప్పు రాశారు, హేమశ్రీ మాత్రం రాయలేదు అనుకుంటారు సార్. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో సార్‌కి తెలీదు. తప్పుందని తెలిసిన ఇద్దరూ తన ఎదురుగానే ఉన్నారు. వాళ్ళిద్దరూ చెప్పరు.

ఆ ఆలోచన పూర్తయ్యేసరికి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. సీసా మూత పెట్టేసింది. పెన్ను తీసి, 'వెరిఫైడ్' అన్న మాటని ఒక్క గీతతో కొట్టేసింది. అడిగిన కూడిక దాని కింద రాసింది: అయిదు నాలుగులు ఇరవై, నా జవాబు మొత్తం పదహారు, తప్పు మూడో వరస మూడో గడిలో. ఆ తర్వాత సరైన జవాబు, దాని మొత్తం.

"నేను స్టాఫ్ రూమ్‌కి వెళ్తున్నా," అంది.

"పిచ్చా నీకు?" అంది జోసెఫిన్. "కాపీ కొట్టామని నువ్వే చెప్తావా?"

"మీరు కాపీ కొట్టారని చెప్పను. నేను చూడకుండా చూశానని రాశానని చెప్తాను."

క్రిస్టోఫర్ తన బాణాన్ని మూడో అంకె కిందకి దిద్దుకుని లేచాడు. "నేను కూడా ఇవ్వాలండి. పదండి."

ఉమామహేశ్వరం గారు ఆకుపచ్చ సిరా పెన్ను పట్టుకుని కూర్చుని ఉన్నారు. కట్టలోంచి తీసిన పుస్తకాలు ఆయన పక్కన ఒకదాని మీద ఒకటి తెరిచి ఉన్నాయి. ఒక్కదాని మీదా ఇంకా మార్కు వేయలేదు. హేమశ్రీ గుమ్మంలోంచే చూసింది. పైన ఉన్న పేజీలో అయిదో అంకె చుట్టూ ఆకుపచ్చ సున్నా చుట్టి ఉంది.

"రామ్మా," అన్నారు. "పదకొండు పుస్తకాలు చూశాను. పదకొండింటిలోనూ అయిదో చోట అయిదు. దానికేముంది, తప్పు ఎవరికైనా వస్తుంది. పదకొండింటిలోనూ కింద వెరిఫైడ్ అని ఉంది. అది మాత్రం నాకు అర్థం కావట్లేదు. పదకొండు మంది కూడితే ఒక్కరికైనా పదహారు రావద్దూ?"

"ఆ మాట నేనే రాశానండీ," అంది హేమశ్రీ. "నా పుస్తకంలోంచే వెళ్ళింది. నేను కూడి చూడలేదండి. తప్పు రాదనుకున్నాను."

ఆయన పుస్తకం తీసుకుని చూశారు. కొట్టేసిన మాటనీ, దాని కింది రెండు లైన్లనీ చాలాసేపు చదివారు.

"ఎవరు పట్టుకున్నారు?"

"క్రిస్టోఫర్ గారండి. వరస వరసకీ మొత్తం చూసుకుంటారట. నాకు ఆ సంగతే తెలీదు."

"బాణం తప్పు పెట్టానండి నేను," అన్నాడు క్రిస్టోఫర్ తడబడుతూ. "ఆవిడే చెప్పారు. మొత్తం సరిపోయినా బాణం తప్పు కావచ్చని."

ఉమామహేశ్వరం గారు కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. హేమశ్రీ తిట్లకి సిద్ధపడింది. ఆయన తిట్టలేదు. "ఆ మాటకి రెండు మార్కులు తీసేస్తానమ్మా," అన్నారు. "లెక్క తప్పుకి కాదు. చూడకుండా చూశాననడానికి. రేపు నువ్వు చేసిన సర్క్యూటుని నమ్ముకుని ఎవడో ఒకడు స్విచ్ వేస్తాడు."

"అలాగేనండీ."

"ఆఖరి గంట నాదే కదా. ఈ పుస్తకాలు క్లాసుకి మోసుకురండి, ఇద్దరూ."

ఆఖరి గంటలో ఆయన పుస్తకాలన్నీ వెనక్కి పంచేశారు. కాపీ గురించి ఒక్క మాట అనలేదు. బోర్డు మీద అదే లెక్క రాసి, x లో చివరి అంకె అయిన మూడుని తుడిచేశారు. "అక్కడ మీ మీ రోల్ నంబరులో చివరి అంకె వేసుకోండి. h లో బాణం మూడో అంకె కిందకి మార్చాను. పక్కవాడి జవాబు మీకు పనికిరాదు. కూడిక చూపించకుండా వెరిఫైడ్ అని రాస్తే నేను ఒప్పుకోను. కూడిక సరిపోకపోతే దాచకండి. ఎంత తేడా వచ్చిందో రాసి, ఎక్కడుందో వెతకండి. వెతికినందుకు కూడా మార్కులుంటాయి."

క్లాసులో గొణుగుడు లేచింది, తగ్గింది. కాసేపటికి పెన్నుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. బయట చినుకులు మొదలయ్యాయి.

హేమశ్రీ నంబరు చివర ఏడు. ఈసారి ఆమె పెన్ను వరస చివర ఆగింది. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు, సరి. తొమ్మిది, సరి. మైనస్ పద్దెనిమిది, సరి. పద్దెనిమిది, సరి. ఏటవాలుగా కూడి, మొత్తం ముప్పై ఆరు రావడం చూసి, అప్పుడు ఊపిరి వదిలింది. ఇన్నాళ్ళూ తనకి లెక్క వచ్చని తెలుసు. వచ్చిన లెక్కని చేతిలో పెట్టుకుని నిజమేనా అని చూడటంలో ఇంత నిమ్మళం ఉంటుందని తెలీదు.

"క్రిస్టోఫర్, బోర్డు దగ్గరకి రావయ్యా," అన్నారు సార్.

వెనక బెంచీ నుంచి అతను పుస్తకం పట్టుకుని లేచాడు. అతన్ని బోర్డు దగ్గరకి పిలవడం అదే మొదటిసారి. చాక్‌పీసు రెండుసార్లు విరిగింది. అతని అంకె నాలుగు. పట్టిక గీశాడు. ఒక్కో వరస పక్కనా దాని మొత్తం చిన్నగా రాశాడు: పద్దెనిమిది, ఆరు, మైనస్ పన్నెండు, పన్నెండు. ముందు బెంచీల్లో ఎవరో "అదేంటది?" అన్నారు. "తప్పు ఏ వరసలో ఉందో తెలుస్తాదండి," అన్నాడు తిరక్కుండానే. జవాబు రాశాడు: 3, 7, −3, 9, 10, −10, 8. మొత్తం ఇరవై నాలుగు. ఆరు నాలుగులు ఇరవై నాలుగు.

బాణం దగ్గర చెయ్యి ఆగింది. హేమశ్రీకి తెలియకుండానే ఆమె వేళ్ళు బెంచీ అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"x మైనస్ ఒకటి దగ్గర మొదలు," అన్నాడు క్రిస్టోఫర్, క్లాసుకి వినిపించేలా. "h ఇప్పుడు మైనస్ రెండు దగ్గర మొదలు. కలిపితే మైనస్ మూడు. మైనస్ మూడు, రెండు, ఒకటి, సున్నా." వేలితో లెక్కపెట్టి, నాలుగో అంకె అయిన తొమ్మిది కింద బాణం గీశాడు.

"కూర్చో," అన్నారు ఉమామహేశ్వరం గారు. ఆకుపచ్చ పెన్నుతో అతని పుస్తకంలో ఏదో రాశారు. ఏం రాశారో ఆ దూరానికి కనిపించలేదు గానీ, అది చదువుకుంటూ నడిచిన క్రిస్టోఫర్ తన బెంచీ దాటి వెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. క్లాసంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

ఇంతలో పక్కనుంచి జోసెఫిన్ హేమశ్రీ మోచెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆమె నంబరు చివర సున్నా. నాలుగు గుణకారాలు తగ్గాయని మొదట సంబరపడింది గానీ, అరగంట నుంచీ తల ఎత్తలేదు.

"మొదట పన్నెండొచ్చిందే," అంది గుసగుసగా. "ఎనిమిది రావాలి. నాలుగెక్కువ. వరసలు చూశా. నీ మైనస్ రెండు లాంటిదే నాకూ ఒకటి దొరికింది, ఇదిగో, ఆఖరి వరసలో. రెండుని మైనస్ ఒకటితో గుణించి ఉత్తి రెండు వేసేశా. దిద్దితే ఎనిమిది. నేనే కనిపెట్టా!"

"చూపించు," అంది హేమశ్రీ.

జోసెఫిన్ పుస్తకాన్ని ఆమె ముందుకి తోసింది. అంకెలు వంకరటింకరగా ఉన్నాయి, ఒక గీత పట్టికలోంచి బయటికి పోయింది. కానీ కింద కూడిక పూర్తిగా ఉంది, తేడా నాలుగు అని ఉంది, ఎక్కడ దొరికిందో ఉంది. హేమశ్రీ ఒక్కో గడీ చదివింది. అంతా సరిగ్గానే ఉంది.

"బాణం పెట్టలేదు," అంది.

"అవును కదూ!" అని జోసెఫిన్ పెన్సిలు తీసుకుని, నోట్లో మైనస్‌లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. హేమశ్రీ ఈసారి తన పుస్తకాన్ని ఆమె వైపు తిప్పలేదు. జోసెఫిన్ కూడా అడగలేదు.